విమానం మారితే మీ సీటు ఏమవుతుంది?

నానమ్మ, కొడుకు, కోడలు, ఆరేళ్ల మనవరాలు కలిసి హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్తున్నారనుకుందాం. మధ్యలో ఒకచోట విమానం మారాలి. పెద్ద ప్రయాణం ఆ రెండో విమానంలోనే. అందులో నలుగురూ ఒకేచోట కూర్చోవాలని అదనంగా డబ్బు కట్టి 27D, 27E, 27F, 27G తీసుకున్నారు. ప్రయాణం రెండు వారాల్లో ఉందనగా యాప్ తెరిచి చూస్తే ముగ్గురు 27వ వరుసలో ఉన్నారు, నానమ్మ మాత్రం 34Bలో ఇద్దరు అపరిచితుల మధ్య ఉంది. తేదీ, సమయం, టికెట్టు ఏవీ మారలేదు. విమానం ఒక్కటే మారింది.

మొదట వేసినది బోయింగ్ 777. చాలా సంస్థల 777లలో ఎకానమీ వరుసకు మూడు, నాలుగు, మూడు చొప్పున పది సీట్లుంటాయి. దాని బదులు తెచ్చిన 787లో సాధారణంగా మూడు, మూడు, మూడే. మధ్య భాగంలో నాలుగో సీటు అసలు లేదు. ఎవరో లాగేసుకున్నది కాదు, ఆ సీటే ఆ విమానంలో లేదు. దేశంలోపలి ప్రయాణాల్లోనూ ఇంతే. ఎయిర్‌బస్ 320లో వరుసకు ఆరు సీట్లు, చిన్న ఊళ్లకు నడిచే ఏటీఆర్‌లో నాలుగే. ఏటీఆర్‌లో మామూలుగా A, C, D, F అనే అక్షరాలు వాడతారు కాబట్టి B, E సీట్లు తీసుకున్నవారికి చోటు గల్లంతవుతుంది. వరుస నంబరు అలాగే ఉన్నా అదే చోటు అనుకోకూడదు. ఒక విమానంలో రెక్కకు ముందుండే వరుస మరో దాంట్లో మరుగుదొడ్డి పక్కకు రావచ్చు.

ఇలా మార్చాల్సిన అవసరం సంస్థలకు తరచూ వస్తుంది. పక్షి తగిలినా, విడిభాగం దొరకకపోయినా, సిబ్బంది పనిగంటలు మించినా, బుకింగులు తగ్గినా మరో విమానం వేస్తారు. ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల లోహంలో లోపం బయటపడ్డాక 2023–24లో ఒక్క ఇండిగోలోనే 70కి పైగా విమానాలు నేలమీద ఉండిపోయాయి. అలాంటప్పుడు అద్దెకు తెచ్చిన విమానాలు ఎగురుతాయి, వాటి సీట్ల అమరిక సంస్థ సొంత విమానాల్లాగే ఉండాలని లేదు.

మార్పు జరిగినప్పుడు సీట్లు సర్దేది మనుషులు కాదు, కంప్యూటర్. పాత పటంలోని ప్రతి ప్రయాణికుడిని కొత్త పటంలోకి తెస్తూ వీలైతే అదే నంబరు ఇస్తుంది, కుదరకపోతే కిటికీకి కిటికీ, ఐల్‌కు ఐల్ వెతుకుతుంది, అదీ లేకపోతే ఖాళీ ఉన్నచోట పడేస్తుంది. నానమ్మకు రాత్రి రెండుసార్లు లేవాల్సి వస్తుందన్నది దానికి తెలియదు. మోకాళ్లు చాపుకోవడానికి డబ్బు కట్టిన ముందు వరుస, అత్యవసర ద్వారం పక్క వరుస కొత్త విమానంలో వేరేచోట ఉంటాయి గనుక అవి తీసుకున్నవారికి ఎక్కువ దెబ్బ తగులుతుంది.

ఇక్కడ వేగమే ప్రధానం. సర్దుబాటు పూర్తయిన వెంటనే కొత్త పటంలో మంచి సీట్లు కొన్ని ఖాళీగా ఉంటాయి, మిగతా ప్రయాణికులు గమనించేకొద్దీ అవి తరిగిపోతాయి. సంస్థ పంపే సందేశం కోసం ఎదురుచూడటం సరికాదు. సీటు మారినందుకు సందేశం రాకపోవచ్చు, వచ్చినా టికెట్టు కొన్న ఏజెంటు ఫోనుకు పోవచ్చు. పెద్దవాళ్ల టికెట్లు తెలిసిన ఏజెంటు దగ్గర కొనే ఇళ్లలో ఇది తరచూ జరిగేదే. కాబట్టి బుకింగులో సొంత ఫోను నంబరు, ఈమెయిల్ చేర్పించాలి. విమానం రకం బుకింగు వివరాల్లో కనిపిస్తుంది: 77W అంటే 777, 789 అంటే 787, 320 అంటే ఎయిర్‌బస్ 320, AT7 అంటే ఏటీఆర్. కొన్నరోజు అది ఏముందో గుర్తుపెట్టుకుని, వారం ముందొకసారి, చెక్-ఇన్ తెరిచినప్పుడొకసారి పోల్చి చూసుకుంటే చాలు. ఒక సంస్థ పేరున టికెట్టు కొని మరో సంస్థ విమానమెక్కుతుంటే, నడిపే సంస్థకు వేరే పీఎన్ఆర్ ఉంటుంది. అది అడిగి తీసుకుని వారి వెబ్‌సైట్‌లోనే సీటు చూడాలి.

ఇప్పుడు ఆ కుటుంబం చేయాల్సింది చూద్దాం. మొదట పాత సీట్ల రసీదు, కొత్త సీట్లు కనిపించే తెర రెండూ ఫోటో తీసి ఉంచుకోవాలి. తర్వాత కొత్త పటంలో నాలుగు వరుస సీట్ల కోసం వెతక్కూడదు, అవి లేవు. మధ్య మూడు సీట్లు, నడవ దాటగానే ఉన్న ఐల్ సీటు కలిపి చూడాలి. తల్లి, పాప, తండ్రి మధ్య భాగంలో కూర్చుంటే, నానమ్మకు తండ్రి పక్కనే నడవకు అవతల ఐల్ సీటు వస్తుంది. ఆమె లేవడానికీ తేలిక, చేయి చాపితే అందేంత దూరం. అది కుదరకపోతే ముందువెనక వరుసల్లో ఇద్దరిద్దరు. ఖాళీలు యాప్‌లో కనిపిస్తే అక్కడే మార్చుకోవచ్చు. మళ్లీ డబ్బు అడిగితే కట్టకుండా కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయాలి. విమానం మార్చడం వల్ల సీటు పోయిందని, సీట్లకు ముందే డబ్బు కట్టామని చెప్పి, చూసిపెట్టుకున్న నంబర్లే అడగాలి. “మంచి సీట్లివ్వండి” అంటే దొరకనివి, “31D, 31E, 31F, 31H ఇవ్వండి” అంటే చాలాసార్లు దొరుకుతాయి.

ఫోన్లో కుదరకపోయినా నిరాశపడనక్కర్లేదు. సంస్థలు కొన్ని సీట్లను విమానాశ్రయ సిబ్బంది కోసం మూసి ఉంచుతాయి. చెక్-ఇన్ తెరిచినప్పుడు, కౌంటరు దగ్గర, చివరికి గేటు దగ్గర అవి బయటికొస్తాయి. కౌంటరుకు తొందరగా చేరినవారికి అందుకే లాభం. విమానమెక్కాక సాటి ప్రయాణికుణ్ణి అడగడం చివరి మార్గం. చిన్న విమానాల్లో బరువు సమతూకం కోసం, టేకాఫ్ అయ్యేదాకా ఇచ్చిన సీట్లోనే ఉండమని సిబ్బంది చెప్పవచ్చు.

పాప విషయంలో మన దేశంలో గట్టి ఆధారం ఉంది. 12 ఏళ్లలోపు పిల్లలకు అదే పీఎన్ఆర్‌లో ప్రయాణించే తల్లిదండ్రుల్లో లేదా సంరక్షకుల్లో కనీసం ఒకరితో కలిపి సీటివ్వాలని డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో విమాన సంస్థలకు చెప్పింది. పాప టికెట్టు వేరే పీఎన్ఆర్‌లో ఉంటే ఆ బంధం కంప్యూటర్‌కు కనిపించదు. అందుకే పిల్లల టికెట్టు పెద్దవారితో కలిపే కొనాలి. నానమ్మకు ఈ నియమం వర్తించదు.

ఇక డబ్బు. ఫలానా నంబరు సీటే ఇస్తామని సంస్థలు మాటివ్వవు, నిబంధనల్లో ఆ సంగతి రాసే ఉంటుంది. కానీ ఎక్కువ కాళ్ల జాగాకు డబ్బు తీసుకుని మామూలు సీటిస్తే ఆ రుసుము తిరిగి అడగడం న్యాయమే. అమెరికాకు వెళ్లే, అక్కడి నుంచి వచ్చే విమానాల్లో డబ్బు కట్టిన అదనపు సేవ అందకపోతే ఆ రుసుము వాపసు ఇవ్వాలని అక్కడి రవాణా శాఖ 2024లో నియమం చేసింది. అందులో సీటు ఎంపిక కూడా ఉంది. అయితే అందలేదని ప్రయాణికుడే చెప్పాలి. తరగతే తగ్గిస్తే, అంటే బిజినెస్ నుంచి ఎకానమీకి దింపితే లెక్క వేరు. 2023 ఫిబ్రవరి నుంచి డీజీసీఏ నిబంధన ప్రకారం దేశీయ ప్రయాణంలో పన్నులతో కలిపి టికెట్టు ధరలో 75 శాతం వెనక్కివ్వాలి. అంతర్జాతీయ ప్రయాణంలో దూరాన్నిబట్టి 30, 50 లేదా 75 శాతం.

దిగిన తర్వాత అడుగుతున్నప్పుడు కోపం కన్నా కాగితం పనికొస్తుంది. సీటు రసీదు, ఇచ్చిన సీటు కనిపించే బోర్డింగ్ పాస్ జతచేసి, సంస్థ వెబ్‌సైట్‌లోని ఫిర్యాదు పేజీలో రెండు వాక్యాల్లో రాస్తే చాలు. జవాబు రాకపోతే మన దేశంలో ఎయిర్‌సేవా పోర్టల్‌లో అవే కాగితాలతో ఫిర్యాదు పెట్టవచ్చు. అప్పటిదాకా ఆ బోర్డింగ్ పాస్‌ను పారేయకుండా దాచుకోవాలి.