మెంటార్ ఒక్కరి మాట చాలదు

ఇంజనీరింగ్ మూడో ఏడాది పరీక్షలు అయిపోగానే గచ్చిబౌలి, మాదాపూర్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇంటర్న్‌లుగా చేరే పిల్లల కళ్లన్నీ పీపీఓ మీదే ఉంటాయి. అంటే ప్రీ ప్లేస్‌మెంట్ ఆఫర్. అది వస్తే చివరి ఏడాది క్యాంపస్ ఇంటర్వ్యూల బెంగ ఉండదు. దానికోసం చాలామంది ఎంచుకునే దారి ఒకటే: మెంటార్ ఇచ్చిన పనిని తల దించుకుని రెండు నెలలూ చేసుకుపోవడం. పని బాగుండాలి, సందేహం లేదు. అయితే ఆఫర్ ఎలా ఖాయమవుతుందో తెలిసినవాళ్లు అక్కడితో ఆగరు.

పద్ధతి కంపెనీకో రకంగా ఉంటుంది. కొన్నిచోట్ల విడిగా ఇంటర్వ్యూ కూడా పెడతారు. ఎక్కువచోట్ల మాత్రం చివరి వారాల్లో మేనేజర్ మెంటార్ అభిప్రాయం తీసుకుంటారు, ఆ ఇంటర్న్‌తో పనిచేసిన మరికొందరినీ అడుగుతారు. తర్వాత వేర్వేరు టీముల మేనేజర్లు కూర్చుని ఇంటర్న్‌లందరి గురించీ ఒకేసారి మాట్లాడుకుంటారు. ఖాళీలు తక్కువగా ఉంటే అక్కడ పోటీ తప్పదు. అప్పుడు మెంటార్ తన ఇంటర్న్‌ను మెచ్చుకోవడం ఎవరికీ వింతగా తోచదు. అందరు మెంటార్లూ చేసేది అదే. పక్క టీము మనిషి చెప్పిన మాటకే బరువెక్కువ.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. వరంగల్ నుంచి వచ్చిన ఒక విద్యార్థినికి ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీలో రిఫండ్ల పని అప్పజెప్పారు. డబ్బు తిరిగి అందని ఆర్డర్లను రోజూ వెతికి జాబితా తీసే ప్రోగ్రామ్ రాయాలి. మొదటి వారంలోనే ఆమె మెంటార్‌ను అడిగింది: "ఈ జాబితా చివరికి ఎవరు వాడతారు? వాళ్లతో ఓసారి మాట్లాడొచ్చా?" ఆయన సరేనన్నారు.

కస్టమర్ కేర్ లీడ్‌తో ఓ ఇరవై నిమిషాలు కూర్చుంటే అసలు సంగతి తెలిసింది. వారం దాటిన రిఫండ్లే వాళ్లకు తలనొప్పి, ఎందుకంటే ఫోన్లు చేసి కేకలేసేది ఆ కస్టమర్లే. కాబట్టి అవి జాబితాలో పైన ఉండాలి. పేమెంట్స్ టీము ఇంజనీర్ ఇంకో మెలిక చెప్పాడు: కంపెనీ డబ్బు పంపేసినా, బ్యాంకు నుంచి కబురు వచ్చేదాకా రికార్డులో 'పెండింగ్' అనే కనిపిస్తుంది. అది చూసుకోకపోతే సగం జాబితా తప్పే అవుతుంది. ఈ రెండు విషయాలూ మెంటార్ ఇచ్చిన కాగితంలో లేవు.

ఆ తర్వాత కోడ్ రివ్యూకు మెంటార్‌తో పాటు ఆ ఇంజనీర్ పేరు కూడా పెట్టింది. ఆయన రాసిన ప్రతి కామెంట్‌కూ జవాబిచ్చి, చెప్పింది సరిచేసింది. నాలుగో వారంలో సగం తయారైన ప్రోగ్రామ్‌ను కస్టమర్ కేర్ వాళ్లకు చూపించింది. చివర్లో మేనేజర్ అడిగేసరికి ఆమె ఏం చేసిందో విడమరిచి రాయగలవాళ్లు మెంటార్ కాక మరో ఇద్దరున్నారు.

ఈ పరిచయాల వల్ల ఇంకో లాభమూ ఉంది. మార్క్ గ్రనొవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో కొత్తగా ఉద్యోగాలు మారినవారిని పలకరించాడు. తెలిసినవారి ద్వారా ఉద్యోగం దొరికినవారిలో, ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లు సుమారు ఆరో వంతు మాత్రమే. మిగతావాళ్లది అప్పుడప్పుడో, అరుదుగానో కలిసే పరిచయమే. రోజూ పక్కన కూర్చునేవారికి తెలిసింది మనకూ తెలుస్తుంది, దూరంగా ఉన్నవారి దగ్గరే కొత్త కబురు ఉంటుంది. సొంత టీములో ఖాళీ లేకపోయినా పేమెంట్స్‌లో ఒకటి ఉండొచ్చు. మెంటారే వెళ్లిపోవచ్చు కూడా. 2022 నవంబరులో మెటా ఒక్కసారిగా 11,000 మందికి పైగా ఉద్యోగులను తీసేసింది. అలాంటి వేళ ఒక్కరి మాట మీదే నిలబడ్డ ఇంటర్న్ గురించి చెప్పేవారే ఉండరు.

బెడిసికొట్టే తీరూ ఉంది. పనితో సంబంధం లేకుండా అందరినీ కాఫీకి పిలిచి, "సార్, ఆఫర్ వస్తుందంటారా?" అని ఆరా తీసేవారిని టీము ఇట్టే పసిగడుతుంది. మెంటార్‌కు చెప్పకుండా ఆయన పైవాళ్ల దగ్గరికి వెళ్లడం అంతకన్నా చేటు. పరిచయాలు పెరిగి ప్రాజెక్టు వెనకబడితే ఎవరూ కాపాడలేరు. సంబంధం కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తుంది: మీరు పలకరించకుండానే పక్క టీమువాళ్లు మీ పని గురించి ఏదైనా అడగడానికి వస్తున్నారా? ఐదో వారానికీ అలా ఎవరూ రాకపోతే మీ పని మెంటార్ దాటి వెళ్లలేదన్నమాట.

కంపెనీ ఆ ఏడు నియామకాలే ఆపేస్తే ఇవేవీ పనిచేయవు. ఆ సంగతి, చివర్లో అభిప్రాయం ఎవరెవరిని అడుగుతారన్న సంగతి మేనేజర్‌ను మొదటి పదిరోజుల్లోనే అడిగేయండి. అది తప్పుగా తీసుకునే మేనేజర్లు తక్కువ.