ఇంటర్వ్యూలో కాదన్న కంపెనీ జాబితాలో మన పేరు ఉండాలంటే

జూజువాడి సిప్‌కాట్‌లోనో, సరిహద్దు దాటి అత్తిబెలె, బొమ్మసంద్ర వైపో ఇంటర్వ్యూకు వెళ్లిన పిల్లలకు తరచుగా వచ్చే జవాబు ఒకటుంది: "ఈసారి మిమ్మల్ని తీసుకోలేకపోతున్నాం, మీ వివరాలు మా దగ్గర ఉంచుకుంటాం." ఇంట్లో పెద్దలు దీన్ని మర్యాదకు చెప్పిన మాటగా తీసుకుంటారు. కొన్నిసార్లు అది నిజమే. మరికొన్నిసార్లు మాత్రం ఆ మాట వెనక నిజంగా ఒక జాబితా ఉంటుంది. దాన్ని కంపెనీలు టాలెంట్ పూల్ అంటాయి. అందులో పేరు నిలబడడానికి అభ్యర్థి చేయగలిగిన పని కొంత ఉంది, దాని గురించే ఈ వ్యాసం.

1980 ప్రాంతంలో అశోక్ లేలాండ్, టీవీఎస్, ఆ తర్వాత టైటన్ హోసూరుకు వచ్చినప్పుడు మన పెద్దవాళ్లు గేటు దగ్గర అడిగి, తెలిసినవాళ్ల చేత చెప్పించుకుని పనిలో చేరినవాళ్లే. ఇప్పుడు ఓ మోస్తరు పెద్ద కంపెనీల్లో దరఖాస్తు ఒక సాఫ్ట్‌వేర్‌లోకి వెళుతుంది. అందులో ప్రతి అభ్యర్థికీ ఒక పేజీ ఉంటుంది. రెజ్యూమే, పరీక్ష మార్కులు, ఇంటర్వ్యూ చేసినవాళ్లు రాసిన రెండు మూడు వాక్యాలు, చివర ఎందుకు తీసుకోలేదన్న కారణం అందులో ఉంటాయి. ఆరు నెలల తర్వాత అలాంటి ఖాళీయే మళ్లీ వస్తే, ప్రకటన ఇవ్వకముందు హెచ్ఆర్ వాళ్లు ఈ పాత పేజీల్లో వెతికే అవకాశం ఉంది. పరీక్ష, ఇంటర్వ్యూ ఒకసారి అయిపోయిన మనిషి దొరికితే వాళ్లకు రెండు మూడు వారాల పని తగ్గుతుంది. కాబట్టి "దయచేసి నన్ను గుర్తుంచుకోండి" అని అడిగితే లాభం లేదు. అక్కడ ఎవరూ గుర్తుంచుకోరు, వెతుకుతారు. వెతికినప్పుడు దొరికే మాట ఆ పేజీలో ఉందా లేదా అన్నదే లెక్క.

ముందుగా ఏ తిరస్కరణకు ఇలా రాయాలో తేల్చుకోవాలి. రెజ్యూమే పంపిన మర్నాడే యంత్రం పంపినట్టు వచ్చిన జవాబుకు తిరిగి రాస్తే దాన్ని చదివే మనిషే ఉండరు. రాత పరీక్ష దాటి ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్లకే ఇది పనికొస్తుంది. అదీ చివరి ఇద్దరు ముగ్గురిలో ఉన్నామని అనిపిస్తే మరీ బాగా పనికొస్తుంది. కాంట్రాక్టరు ద్వారా లైన్ ఆపరేటర్లను తీసుకునే చోట అసలు టాలెంట్ పూల్ ఉండదు. అక్కడ జాబితా సూపర్‌వైజర్ ఫోన్లోనో, కాంట్రాక్టరు ఎక్సెల్ షీట్లోనో ఉంటుంది. ఆ ఉద్యోగానికి కంపెనీ హెచ్ఆర్‌కు ఉత్తరం రాయడం వృథా, కాంట్రాక్టరు ఆఫీసులో నంబరు ఇచ్చి రావడమే మార్గం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది మేము వివరించడానికి కల్పించుకున్నది. మెకానికల్ డిప్లొమా చేసి, ఒక విడిభాగాల యూనిట్లో ఏడాది అప్రెంటిస్‌గా ఉన్న అబ్బాయి, సిప్‌కాట్‌లో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ ట్రైనీ ఉద్యోగానికి జూన్ 12న ఇంటర్వ్యూకు వెళ్లాడు. వెర్నియర్, మైక్రోమీటర్ చేతికిస్తే సరిగ్గానే కొలిచాడు. "20 మిల్లీమీటర్ల షాఫ్టుకు అటూ ఇటూ 0.05 టాలరెన్స్ ఇచ్చారు, దేనితో కొలుస్తావు?" అని అడిగితే వెర్నియర్ అన్నాడు. కంట్రోల్ చార్ట్ గీసి చూపమంటే చూపలేకపోయాడు. వారం తర్వాత తీసుకోలేదని మెయిల్ వచ్చింది.

ఇక్కడ చేయవలసిన మొదటి పని ఉత్తరం రాయడం కాదు, కారణం కనుక్కోవడం. మెయిల్ పంపిన హెచ్ఆర్ వారికి ఫోన్ చేసి, "ఏ విషయంలో తగ్గానో ఒక్క మాట చెబితే సరిచేసుకుంటాను మేడం" అని అడగవచ్చు. అందరూ చెప్పరు. చెప్పకపోతే, ఇంటర్వ్యూలో తడబడ్డ ప్రశ్నలను ఆ సాయంత్రమే కాగితం మీద పెట్టుకుని ఉంటే చాలు, కారణం అందులోనే ఉంటుంది. ఈ ఫోన్ అభ్యర్థే చేయాలి. నాన్నగారో, కంపెనీలో పనిచేసే మామయ్యగారో చేస్తే ఆ పేజీలో పడే మాట వేరుగా ఉంటుంది.

ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో, తిరస్కరణ వచ్చిన మెయిల్‌కే జవాబుగా రాయాలి. కొత్త మెయిల్ మొదలుపెడితే పాత సంభాషణతో తెగిపోతుంది. మన అబ్బాయి రాయదగ్గది ఇలా ఉంటుంది. దీన్ని ఇంగ్లీషులో పెట్టుకోవాలి, పొడవు ఇంతకు మించకూడదు:

"నమస్కారం మేడం. జూన్ 12న క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ ట్రైనీ ఇంటర్వ్యూకు అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు. ఇన్‌ప్రాసెస్ ఇన్‌స్పెక్షన్, ఫైనల్ ఇన్‌స్పెక్షన్ ఉద్యోగాలకు నా వివరాలను మీ టాలెంట్ పూల్‌లో ఉంచగలరా? అందుకు నా సమ్మతి ఇస్తున్నాను. ఇంటర్వ్యూలో కంట్రోల్ చార్ట్, కొలత పరికరం ఎంపిక విషయంలో నేను తగ్గాను. ఇప్పుడు ఒక లేత్ షాపులో షాఫ్టుల కొలతలు తీసుకుంటూ, ఐదేసి కొలతల చొప్పున 25 సార్లు తీసి ఎక్స్‌బార్-ఆర్ చార్ట్ గీయడం సాధన చేస్తున్నాను. సెప్టెంబరు 15 నాటికి పూర్తవుతుంది, అప్పుడు మీకు పంపుతాను. తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడతాను. షిఫ్టుల్లో పనికి సిద్ధం."

ఇందులో ఏముందో చూడండి. ఏ ఉద్యోగాలకు ఉంచమంటున్నాడో పేరు పెట్టి చెప్పాడు. హెచ్ఆర్ రేపు వెతికేది ఆ పేర్లతోనే. "ఏ ఉద్యోగమైనా సరే" అని రాసినవాడు ఏ వెతుకులాటలోనూ దొరకడు. సమ్మతి మాట ఎందుకంటే, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, వివరాలు తీసుకున్న పని ముగిశాక కంపెనీలు వాటిని ఊరికే ఉంచుకోకూడదు. ఆ చట్టం దశలవారీగా అమలవుతోంది. జాగ్రత్తగా ఉండే కంపెనీ పాత రెజ్యూమేలను తీసేస్తుంది, ఉంచుకోమని మీరే రాసి ఇస్తే వాళ్లకు ఆధారం దొరుకుతుంది. మూడు భాషల సంగతి మన ఇళ్లలో ఎవరూ గొప్పగా చెప్పుకోరు. కానీ సరిహద్దు మీది ఫ్యాక్టరీలో ఒక్కో లైన్లో ఒక్కో భాషవాళ్లు ఉంటారు కాబట్టి అది రాయదగ్గ నైపుణ్యమే.

అన్నిటికన్నా బరువైనది నేర్చుకుంటున్న పని గురించిన ఆ రెండు మూడు వాక్యాలు. చాలామంది ఇక్కడ "క్వాలిటీ టూల్స్ కోర్సు చేస్తున్నాను" అని వదిలేస్తారు. కోర్సు పేరు చూసి ఎవరూ నమ్మరు. ఇంటర్వ్యూలో ఏది తప్పిందో దానికే నేరుగా జవాబు ఉండాలి, అది ఎప్పటికి పూర్తవుతుందో తేదీ ఉండాలి, పూర్తయ్యాక చూపడానికి ఒక వస్తువు ఉండాలి. మన అబ్బాయి చేతిలో 125 కొలతలతో ఒక చార్ట్ ఉంటుంది. పని చేస్తున్నప్పుడు అతనికి వెర్నియర్ ఎందుకు చాలదో కూడా తెలుస్తుంది. అటూ ఇటూ 0.05 అంటే మొత్తం టాలరెన్స్ 0.1 మిల్లీమీటరు. పరికరం చూపగల అతి చిన్న కొలత దానిలో పదో వంతు, అంటే 0.01 ఉండాలన్నది వర్క్‌షాప్ లెక్క. మామూలు వెర్నియర్ చూపేది 0.02, మైక్రోమీటర్ చూపేది 0.01. సెప్టెంబరులో పంపే రెండో మెయిల్‌లో ఈ ఒక్క వాక్యం ఉంటే, ఆ ప్రశ్న అడిగిన ఇంజినీరుకు సర్టిఫికెట్ కన్నా ఎక్కువ చెబుతుంది.

ఈ సాధనకు ప్రస్తుతం పనిచేస్తున్న కంపెనీ డ్రాయింగులు, కొలతల పట్టికలు వాడకూడదు. అవి ఆ కంపెనీ సొత్తు. ఒక కంపెనీ కాగితం మరో కంపెనీకి పంపినవాణ్ణి రెండూ నమ్మవు. తెలిసిన లేత్ షాపు యజమానిని అడిగి, అక్కడి ముక్కల మీద కొలతలు తీసుకోవచ్చు. చేయని పనిని చేస్తున్నానని రాయడం మరీ ప్రమాదం. రెండోసారి పిలిచినప్పుడు మొదట అడిగేది దాన్నే.

సెప్టెంబరు 15 అని రాస్తే ఆ రోజుకు పంపాలి. అదే మెయిల్ వరుసలో, నాలుగు వాక్యాలతో, చార్ట్ జతచేసి, కొత్త రెజ్యూమేతో. ఆ తర్వాత ప్రతి నెలా గుర్తుచేయవలసిన పని లేదు. చాలా కంపెనీలు ఒకసారి కాదన్నవాళ్లను ఆరు నెలల దాకా అదే ఉద్యోగానికి చూడవు. ఆ గడువు దాటాక ఇంకొక్క మెయిల్ చాలు.

పూల్‌లో నిజంగా పెట్టారా అన్నది ఎలా తెలుస్తుంది? "మీ ప్రొఫైల్‌ను ఫలానా ఉద్యోగాలకు ఉంచాం" అని మనిషి రాసిన జవాబు వస్తేనో, వివరాలు ఉంచుకోవడానికి సమ్మతి అడుగుతూ లింకు వస్తేనో పెట్టినట్టే. కెరీర్ పేజీలో మీ దరఖాస్తు పక్కన On Hold అని మారితే అదీ మంచి గుర్తే. ఏమీ రాకపోతే లేనట్టే అనుకుని వేరే కంపెనీలు చూసుకోవాలి.

పేరు పూల్‌లో ఉన్నా దారి తప్పే చోట్లు రెండున్నాయి. మొదటిది పాసైన సంవత్సరం. డిప్లొమా ట్రైనీలను తీసుకునేటప్పుడు కంపెనీలు ఫలానా సంవత్సరాల్లో పాసైనవాళ్లే అని గీత గీస్తాయి. ఈ ఏడాది గీత లోపల ఉన్న అబ్బాయి వచ్చే ఏడాదికి బయట పడవచ్చు. అందుకే మొదటి ఉత్తరంలోనే ట్రైనీగా కాక, ఒక ఏడాది అనుభవం అడిగే ఇన్‌స్పెక్టర్ ఉద్యోగాలకూ ఉంచమని అడగడం మంచిది. అప్రెంటిస్‌గా గడిపిన ఏడాదిని అనుభవంగా లెక్కిస్తారా లేదా అన్నది ఒక్కో కంపెనీలో ఒక్కో తీరు, అదీ అడిగి తెలుసుకోవాలి.

రెండోది మన ఇళ్లకే ప్రత్యేకం. తమిళనాడు మార్కుల జాబితాలో తండ్రి పేరులోని మొదటి అక్షరం ఇనిషియల్‌గా ఉంటుంది. ఇంట్లో ఇంటిపేరు వాడతారు, ఆధార్‌లో మూడో రకంగా పడి ఉంటుంది. ఒకసారి ఇనిషియల్‌తో, మరోసారి ఇంటిపేరుతో దరఖాస్తు పెడితే సాఫ్ట్‌వేర్‌లో ఇద్దరు మనుషులుగా నిలుస్తారు. బాగా చేసిన ఇంటర్వ్యూ ఒక పేజీలో, కొత్తగా నేర్చుకున్నది మరో పేజీలో ఉండిపోతాయి. ఈ సాఫ్ట్‌వేర్లు మనిషిని ఎక్కువగా గుర్తుపట్టేది మెయిల్ చిరునామాతో, ఫోన్ నంబరుతో. అందుచేత మార్కుల జాబితాలో ఉన్న పేరునే అన్నిచోట్లా రాసి, ఒకే మెయిల్, ఒకే నంబరు నిలబెట్టుకోవాలి. ఆఫర్ వచ్చిందని సిమ్ మార్చి, పాత నంబరును చెల్లెలికి ఇచ్చేస్తే ఆ ఫోన్ ఎవరికి వస్తుందో చెప్పనక్కర్లేదు.

పూల్‌లో ఉండడం దరఖాస్తు పెట్టినట్టు కాదు. అదే ఉద్యోగానికి మళ్లీ ప్రకటన కనబడితే, పిలుస్తారని ఎదురుచూడకుండా కొత్తగా దరఖాస్తు పెట్టి, జూన్ 12 ఇంటర్వ్యూ సంగతి అందులో రాయాలి. ఇక "మీ పేరు పూల్‌లో పెట్టిస్తాం, రిజిస్ట్రేషన్‌కు ఇంత కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే కట్టవద్దు. కంపెనీలు తమ జాబితాలో పేరు ఉంచడానికి అభ్యర్థి దగ్గర రూపాయి తీసుకోవు.