రెండు నిమిషాల డెమో: ముందు పని, తర్వాత మాట

హ్యాకథాన్ ముగింపు డెమోకు రెండు నిమిషాలే ఇస్తే, తొందరపడకుండా పలకగలిగేవి రెండు వందల పైచిలుకు మాటలు. సమస్య ఎంత పెద్దదో, ఆలోచన ఎలా తట్టిందో చెబుతూ పోతే, తయారుచేసిన ఆప్ తెర మీదికి వచ్చేసరికి గంట మోగుతుంది. వరసగా జట్లను చూస్తున్న న్యాయనిర్ణేతలకు మొదట కలిగే సందేహం, ఇది నిజంగా పనిచేస్తుందా అన్నది. అది తీరాకే ఆలోచన చెవికెక్కుతుంది.

ఉదాహరణకు, గుంటూరు మిర్చి యార్డులో రైతుకిచ్చే చీటీని ఫొటో తీస్తే లెక్క సరిచూసే ఆప్ తయారైందనుకుందాం. డెమో ఒక్క వాక్యంతో మొదలవుతుంది: "ఇది రైతు చేతికొచ్చిన చీటీ, లెక్క సరిగ్గా ఉందో లేదో చూద్దాం." వెంటనే ఫోన్‌తో ఫొటో తీస్తారు. తూకం 18 క్వింటాళ్లు, క్వింటాలు ధర 14,000 రూపాయలు. చీటీలో మొత్తం 2,25,000 అని ఉంది. ఆప్ 2,52,000 అని ఎర్ర అక్షరాల్లో చూపిస్తుంది. అంకెలు తారుమారై రైతుకు 27,000 తగ్గిందని చూసేవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇదంతా మొదటి నిమిషంలో అయిపోవాలి. తర్వాతి 40 సెకన్లలో ఇది ఎవరి అవసరం, చేతిరాతను ఆప్ ఎలా చదువుతుంది, ఎక్కడ తడబడుతుంది అన్నవి చెప్పాలి. మిగిలిన 20 సెకన్లు ఏదైనా ఆలస్యమైతే ఆదుకోవడానికి.

డెమో చెడేది ఎక్కువగా చిన్న విషయాల దగ్గరే. లాగిన్ పేజీలో ఓటీపీ కోసం ఎదురుచూస్తే పావు నిమిషం పోతుంది కాబట్టి ముందే లాగినై ఉండాలి. హాలులో అందరూ ఒకే వైఫై మీద పడతారు కనుక సొంత హాట్‌స్పాట్ సిద్ధంగా ఉండాలి. ఖాళీ తెర ఏమీ చెప్పదు, అందుకే నాలుగైదు పాత చీటీలు ముందే ఎక్కించి ఉంచాలి. చివరి వరుసకు కనిపించేలా అక్షరాలు పెంచాలి, నోటిఫికేషన్లు ఆపాలి. ఫలితం రావడానికి నిమిషాలు పట్టే పనైతే టీవీ వంటల కార్యక్రమం పద్ధతి పాటించాలి: పొయ్యి మీద ఒకటి పెట్టి, ఉడికిన గిన్నె పక్కనుంచి తీసి చూపినట్టు, ముందే పూర్తయిన ఫలితాన్ని రెండో ట్యాబ్‌లో తెరవాలి. అది ముందే తీసిన ఫలితమని దాచకుండా చెప్పాలి. అంతా మొరాయిస్తే చూపడానికి, రికార్డు చేసిన వీడియో ఒకటి ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి.

ఒకరు మాట్లాడుతుంటే మరొకరు ఆప్ నడపడం మంచిది. గడియారం పెట్టుకుని, వేదిక మీద వాడబోయే ఫోన్‌తోనే సాధన చేయాలి. సమయం మించితే వేగంగా మాట్లాడటం మందు కాదు, ఒక ఫీచర్‌ను తీసేయాలి. ఆప్‌లో పది పనులున్నా, రెండు నిమిషాల్లో చూసేవారికి గుర్తుండేది ఒక్కటే.