స్పానిష్ పేర్లలో రెండు ఇంటిపేర్లు: ఫారంలో ఎలా రాయాలి, మనిషిని ఎలా పిలవాలి

స్పెయిన్ పౌరులకు చట్టప్రకారం రెండు ఇంటిపేర్లు ఉంటాయి. ముందు సొంత పేరు, తర్వాత మొదటి ఇంటిపేరు, ఆ తర్వాత రెండోది. మొదటిది తండ్రి నుంచి, రెండోది తల్లి నుంచి రావడం తరతరాల ఆనవాయితీ. చిత్రకారుడు పాబ్లో పికాసో తండ్రి హోసే రూయిస్ బ్లాస్కో, తల్లి మరియా పికాసో లోపెస్. తండ్రి మొదటి ఇంటిపేరు రూయిస్, తల్లి మొదటి ఇంటిపేరు పికాసో. రెండూ కలిసి కొడుకు పాబ్లో రూయిస్ పికాసో అయ్యాడు. నానమ్మ వైపు నుంచి వచ్చిన బ్లాస్కో, అమ్మమ్మ వైపు నుంచి వచ్చిన లోపెస్ ఆ తరంతో రాలిపోయాయి. మనం ప్రపంచమంతా ఎరిగిన ‘పికాసో’ ఆయన తల్లి ఇంటిపేరన్నమాట.

పెళ్లయితే అక్కడి ఆడవాళ్ల ఇంటిపేరు మారదు. అందువల్ల ఒకే కప్పు కింద ఉండే తండ్రికి, తల్లికి, పిల్లలకు మూడు వేర్వేరు ఇంటిపేర్ల జంటలుంటాయి. ఇది చూసి భార్యాభర్తలు విడిపోయారేమోనని, పిల్లలు వేరెవరి వారో అని అనుమానించే పరాయి దేశపు గుమాస్తాలు లేకపోలేదు. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు మాత్రం జంట ఒకటే. తండ్రిదే ముందుండాలన్న పట్టు ఇప్పుడు లేదు. క్రమాన్ని తల్లిదండ్రులు ఎంచుకునే వీలు 1999లో వచ్చింది. 2017 జూన్ నెలాఖరు నుంచి తండ్రి ఇంటిపేరుకు చట్టంలో ఉన్న ప్రాధాన్యం కూడా పోయింది. పెద్దబిడ్డకు ఏ క్రమం ఖాయం చేస్తే తర్వాతి పిల్లలకూ అదే.

బయటివాళ్లు తడబడేది అసలు ఇంటిపేరు ఏదన్న దగ్గర. పేరులో చివరి మాటే ఇంటిపేరని చాలామంది లెక్క. స్పానిష్ పేరులో బరువంతా మొదటి ఇంటిపేరు మీదే. టెన్నిస్ ఆటగాడు రఫెల్ నాదల్ పరేరాను లోకం నాదల్ అంటుంది, పరేరా అనదు. అక్షరక్రమంలో పేర్చినా, హాజరు పిలిచినా మొదటి ఇంటిపేరే లెక్కలోకి వస్తుంది.

దీన్ని బాగా పరీక్షించే పేరు నాడీకణాల నిర్మాణాన్ని శోధించి 1906లో వైద్యశాస్త్ర నోబెల్ పంచుకున్న శాంతియాగో రమోన్ ఇ కహాల్‌ది. రమోన్ అనేది సొంత పేరుగానూ బాగా వాడుకలో ఉన్న మాట. అందుకని ‘శాంతియాగో రమోన్’ మొత్తం సొంత పేరనుకుని, ‘కహాల్’ ఒక్కటే ఇంటిపేరని పొరబడతారు. నిజానికి రమోన్ ఆయన తండ్రి ఇంటిపేరు, కహాల్ తల్లిది. మధ్యలోని ‘ఇ’ అంటే ‘మరియు’. గ్రంథసూచిలో ఆయన ఉండాల్సింది రమోన్ దగ్గర. వాడుకలో కహాల్ అనడమూ ఉంది, దానికి కారణం వేరు. మొదటి ఇంటిపేరు మరీ సాధారణమైనదైతే గుర్తుకోసం జనం రెండోదాన్ని పట్టుకుంటారు. కవి ఫెదెరికో గార్సియా లోర్కా ‘లోర్కా’గా, 2004 నుంచి 2011 దాకా ప్రధానిగా ఉన్న హోసే లూయిస్ రోద్రిగెస్ సపతేరో ‘సపతేరో’గా వాసికెక్కింది అలాగే. కాగితాల్లో మాత్రం వాళ్లు గార్సియా లోర్కా, రోద్రిగెస్ సపతేరోలే.

ఇక ఫారం సంగతి. స్పెయిన్ ఫారాల్లో మూడు గళ్లుంటాయి కనుక అక్కడివాళ్లకు చిక్కు లేదు. చిక్కంతా ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్ అని అడిగే ఫారాలతోనే. ఉదాహరణకు మరియా హోసే ఫెర్నాందెస్ రూయిస్ అనే పేరు తీసుకుందాం. మరియా హోసే రెండు మాటల సొంత పేరు. (ఇది ఆడపేరు, తిరగేసి హోసే మరియా అంటే మగపేరు.) చూసీచూడగానే గుమాస్తా మరియాను ఫస్ట్ నేమ్‌లో, రూయిస్‌ను లాస్ట్ నేమ్‌లో వేసి, మిగిలిన హోసే ఫెర్నాందెస్‌ను మధ్య గడిలోకి తోసేస్తాడు. దాంతో ఆమె అసలు ఇంటిపేరు మిడిల్ నేమ్ అయి కూర్చుంటుంది. రేపు ‘ఫెర్నాందెస్’ అని వెతికితే రికార్డు దొరకదు. ఫస్ట్ నేమ్‌లో మరియా హోసే అని, లాస్ట్ నేమ్‌లో ఫెర్నాందెస్ రూయిస్ అని రాసి, మధ్య గడిని ఖాళీగా వదలడమే సరైన పద్ధతి.

సొంత పేరు ఎక్కడ ముగిసి ఇంటిపేరు ఎక్కడ మొదలవుతుందో చూపుకు తెలియదు. మార్తీన్ లాంటి మాటలు రెండు విధాలా వాడుకలో ఉన్నాయి. అలాంటప్పుడు పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున యంత్రం చదివే వరస చూస్తే సందేహం తీరుతుంది. ఈ పేరుకు ఆ వరస ఇలా ఉంటుంది:

```
P<ESPFERNANDEZ<RUIZ<<MARIA<JOSE<<<<<<<<<<<<<
```

ESP అనేది దేశం గుర్తు. దాని వెంటనే ఇంటిపేర్లు వస్తాయి, వాటి మధ్య ఒక్క గుర్తు. జంట గుర్తు వచ్చిన చోట ఇంటిపేర్లు ముగిసి సొంత పేరు మొదలవుతుంది. ఈ వరసలో అక్షరాల మీది గీతలు ఉండవు. విమాన టికెట్టు తీసేటప్పుడు దీన్నే ఆనవాలుగా పెట్టుకుని ఇంటిపేర్లు రెండూ రాయాలి. రెంటి మధ్యా మనంతట మనం అడ్డగీత పెట్టకూడదు. అడ్డగీత ఉన్న పేర్లూ ఉన్నాయి. ప్రధాని పెద్రో సాంచెస్ పేరెస్-కస్తెహోన్ రెండో ఇంటిపేరు అలాంటిదే. అక్కడ ఆ గీత కలిపిన రెండు మాటలూ కలిసి ఒకే ఇంటిపేరు.

పిలుపులో రెండు దారులున్నాయి. ‘సెన్యోర్’, ‘సెన్యోరా’ ఇంటిపేరుకు ముందు వస్తాయి. ‘దోన్’, ‘దోన్యా’ సొంత పేరుకు ముందు వస్తాయి. కనుక ఆమె సెన్యోరా ఫెర్నాందెస్, లేదా దోన్యా మరియా హోసే. సెన్యోరా రూయిస్ అంటే తండ్రి ఇంటిపేరు మింగేసినట్టు, దోన్యా ఫెర్నాందెస్ అంటే అసలు అతకదు. మనం ఇంటిపేరు వదిలేసి ‘రామారావు గారు’ అన్నట్టే, దోన్ కూడా సొంత పేరును పట్టుకుని గౌరవం చూపే మాట. మొదటిసారి రాసే ఉత్తరంలో సెన్యోరా ఫెర్నాందెస్ అనడం క్షేమం. ఆవిడ జవాబు కింద మరియా హోసే అని సంతకం పెడితే, ఆ తర్వాత అలాగే పిలవవచ్చు. జంటపేరును కత్తిరించి ఉత్త మరియా అనడం మాత్రం తప్పే, ఆమె పేరు అది కాదు.

స్పానిష్ మాట్లాడే అమెరికా దేశాల్లో చాలావరకు ఇదే పద్ధతి. కొలంబియా నవలాకారుడు గార్సియా మార్కెజ్‌లో గార్సియా తండ్రి ఇంటిపేరు. పోర్చుగల్, బ్రెజిల్‌లలో మాత్రం సాధారణంగా తల్లి ఇంటిపేరు ముందు, తండ్రిది చివర ఉంటాయి. కాబట్టి అక్కడ చివరి మాటనే పట్టుకోవాలి.

స్పెయిన్‌కు చదువుకో ఉద్యోగానికో వెళ్లే తెలుగువాళ్లకు ఎదురయ్యేది దీనికి తిరగబడ్డ సమస్య. విదేశీయుల గుర్తింపు సంఖ్య కోసం ఇచ్చే దరఖాస్తులో రెండు ఇంటిపేర్లకు రెండు గళ్లుంటాయి, మన పాస్‌పోర్టులో ఒకటే ఉంటుంది. దాన్ని మొదటి గడిలో రాసి రెండోది ఖాళీగా వదలాలి. గడి నింపాలని సొంత పేరులోని ముక్కను అక్కడ పెడితే ఆ తప్పు బ్యాంకు ఖాతా దాకా వెంటపడుతుంది. తండ్రి పేరు, తల్లి పేరు అని అడిగే గళ్లలో వాళ్ల సొంత పేర్లు చాలు. స్పెయిన్ పౌరసత్వం తీసుకునే నాటికి మాత్రం రెండో ఇంటిపేరు తప్పనిసరి, సాధారణంగా తల్లి పుట్టినింటి పేరు అక్కడ చేరుతుంది. కాబట్టి ఆ ఆలోచన ఉన్నవాళ్లు తమ జనన ధ్రువపత్రంలో తల్లి పేరు ఏ ఇంటిపేరుతో నమోదై ఉందో ఇక్కడున్నప్పుడే చూసుకోవడం మంచిది.