బొమ్మ వయసెంత?

ఒక వస్తువు అమ్మకానికి పెట్టేటప్పుడు "నాలుగు వందల ఏళ్లనాటి మా వంశ కళ" అని రాసేయడం తేలిక. కానీ ఆ ఏళ్లు ఊరివా, ఇంటివా, బొమ్మవా అన్నది విడదీసి చూడాలి. ఈ మూడూ ఒకటి కావు.

ఏటికొప్పాక సంగతే తీసుకుందాం. వరాహ నది ఒడ్డున ఉన్న ఈ లక్క బొమ్మల ఊరు మన విశాఖకు దగ్గరే. అక్కడి మిత్రుడొకడు తమ ఇంటి బొమ్మలను ఆన్‌లైన్‌లో అమ్మదలచి, పైన చెప్పిన వాక్యంతో పాటు "ప్రభుత్వ గుర్తింపు పొందినవి, పూర్తిగా సహజ రంగులు, చేత్తో చేసినవి" అని రాసి నాకు చూపించాడు. ఇద్దరం వాళ్ల తాతగారి దగ్గర కూర్చున్నాం.

"మా నాయిన దగ్గర నేర్చుకున్నాను బాబూ. ఆయనకెవరు నేర్పారో నాకు తెలీదు" అన్నారాయన. కాబట్టి ఆ ఇంటికి సాక్ష్యమున్న వయసు ముత్తాత వరకే. లక్కపిడతలు తాతగారు చిన్నప్పటి నుంచీ చేస్తున్నవి. కీచైన్లు మాత్రం మా వాడి తండ్రి మొదలుపెట్టినవి. వాటికి పాతదనం అంటగట్టకూడదు.

ఇక గుర్తింపు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మాట నిజమే. అది ఊరి పేరుకూ అక్కడి పనితనానికీ రక్షణ. ఫలానా ఇంటి కళ ఎంత పాతదో అది చెప్పదు. పైగా 1999 నాటి చట్టం ప్రకారం ఉత్పత్తిదారుడు అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. వీళ్లు ఇంకా కాలేదు. కనుక ఆ ముద్ర వాడరాదు.

రంగుల విషయానికొస్తే, వేడిచేసిన లక్కలో రంగు కలిపి కడ్డీలు చేస్తారు. తిరుగుతున్న అంకుడు కర్రకు కడ్డీని ఒత్తితే రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. వీళ్ల పసుపుపచ్చ పసుపుకొమ్ముది, నీలం నీలిమందుది. ఎరుపు మాత్రం బజారులో కొన్న రంగు. కర్ర తిరిగేది కరెంటు మోటారు మీద, ఉలి పట్టేది చెయ్యి.

"ఇవన్నీ రాస్తే ఎవడు కొంటాడ్రా?" అన్నాడు మా వాడు. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే గిలక్కాయకు ఎరుపు ఎక్కడిదో తల్లికి తెలియొద్దా? చివరికి ఇలా కుదిరింది:

"ఏటికొప్పాకలో మా ముత్తాత కాలం నుంచీ లక్కపని చేస్తున్నామని మా తాతగారు చెబుతారు. ఈ లక్కపిడతలు అంకుడు కర్రవి. మోటారు లేతుపై చేతి ఉలితో చెక్కాం. పసుపుపచ్చ, నీలం సహజ రంగులు, ఎరుపు కొన్నది."

మీ ఇంటి ఊరగాయకైనా, నేతకైనా పద్ధతి ఇదే. ప్రతి వాక్యం పక్కన "ఇది ఎవరికి తెలుసు?" అని రాసుకోండి. చూసినవాళ్ల పేరో, కాగితమో దొరక్కపోతే ఆ వాక్యం కొట్టేయండి.