అల్లాయ్ వీల్సా.. స్టీల్ రిమ్ములా? గుంతల రోడ్లలో చిన్న కారుకు ఏది బెటర్.. ఖర్చు లెక్క ఇదీ!

కారు కొన్న కొత్తలో చాలామందికి ముందు కళ్లు పడేది చక్రాల మీదే. పైవేరియంట్‌కి మెరిసే అల్లాయ్ వీల్స్, మన బండికేమో నల్ల స్టీల్ రిమ్ములు, వాటి మీద ప్లాస్టిక్ వీల్ క్యాపులు. "అల్లాయ్స్ వేయించు భయ్యా.. తేలిగ్గా ఉంటాయి, మైలేజ్ పెరుగుతుంది" అని షాపువాళ్లు చెప్తుంటారు. ఇందులో ఎంత నిజం ఉంది? హైదరాబాద్ పాతబస్తీలోని కిషన్‌బాగ్ లాంటి చోట, ఇరుకు గల్లీలు, తవ్వి వదిలేసిన రోడ్లు, పైకి లేచిన మ్యాన్‌హోల్ మూతల మధ్య రోజూ బండి నడిపేవాళ్లు డబ్బు పెట్టే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవే.

ఉదాహరణకు కిషన్‌బాగ్‌లో ఉండే ఒక క్యాబ్ ఓనర్ దగ్గర 2018 తర్వాతి మారుతి డిజైర్ వీఎక్స్‌ఐ ఉందనుకుందాం. దానికి కంపెనీ ఇచ్చింది 14 అంగుళాల స్టీల్ రిమ్ములు, 165/80 సైజు టైర్లు. అదే బండి జెడ్‌ఎక్స్‌ఐకి 15 అంగుళాల చక్రాలు, 185/65 టైర్లు వస్తాయి. మన ఓనర్ కూడా 15 అంగుళాల అల్లాయ్స్‌కి మారాలనుకుంటున్నాడు.

బరువు నిజంగా తగ్గుతుందా?

అల్యూమినియం స్టీల్‌లో దాదాపు మూడో వంతు బరువే ఉంటుంది. అది నిజం. కానీ అల్యూమినియం అంత గట్టిది కాదు కాబట్టి చక్రాన్ని మందంగా పోయాలి. అందుకే మార్కెట్లో మామూలుగా దొరికే, అచ్చుపోసిన అల్లాయ్ వీల్‌కీ అదే సైజు స్టీల్ రిమ్ముకీ తేడా చాలాసార్లు కిలో అటూఇటూగానే ఉంటుంది. రేసింగ్ బండ్లకు వాడే ఫోర్జ్‌డ్ వీల్స్ బాగా తేలిక, కానీ వాటి ధర చిన్న కారు ఓనర్ మాట్లాడుకునే ధర కాదు.

ఇప్పుడు డిజైర్ లెక్కకు వద్దాం. 14 అంగుళాల స్టీల్ రిమ్ము సుమారు 7 కిలోలు. 15 అంగుళాల మామూలు అల్లాయ్ కూడా 7 నుంచి 8 కిలోలు ఉంటుంది. దాని మీదికి వచ్చే 185 టైరు, పాత 165 టైరు కంటే వెడల్పు, కాస్త బరువు కూడా. అంటే మొత్తం చక్రం తేలికవడం పక్కన పెడితే, ఒక్కోసారి బరువు పెరుగుతుంది కూడా. అనుమానం ఉంటే బిల్లు కట్టే ముందే రెండు చక్రాలనూ కాటా మీద పెట్టించండి. తూకంలో తేలిపోతుంది.

పోనీ సైజు మార్చకుండా 14 అంగుళాల అల్లాయ్సే వేసి, చక్రానికి కిలో చొప్పున నాలుగు కిలోలు తగ్గించారనుకుందాం. బండి బరువు దాదాపు 880 కిలోలు. తిరిగే చక్రం బరువును రెట్టింపుగా లెక్కేసినా తగ్గింది ఒక్క శాతమే. డిక్కీలో ఒక నీళ్ల క్యాన్ దించేసినా అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. మైలేజ్ కోసం అల్లాయ్స్ అనే మాట బడ్జెట్ కారు విషయంలో పట్టించుకోనక్కర్లేదు.

గుంతలో పడితే అసలు దెబ్బ ఎక్కడ?

అల్లాయ్ గొప్పా, స్టీల్ గొప్పా అని వాదిస్తారు గానీ, రిమ్ముకీ రోడ్డుకీ మధ్య టైరు గోడ ఎంత ఎత్తుందో మాత్రం ఎవరూ అడగరు. దీన్నే సైడ్‌వాల్ అంటారు. నిజానికి ముందు చూడాల్సింది అదే.

టైరు మీద రాసి ఉండే 165/80 అంటే, వెడల్పు 165 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 80 శాతం. అంటే 132 మిల్లీమీటర్లు. 185/65 టైరుకి ఇది 120 మిల్లీమీటర్లే. కొందరు కుర్రాళ్లు మోజు కొద్దీ 16 అంగుళాలకు వెళ్లి 195/55 టైర్లు వేయిస్తారు. అప్పుడు గోడ 107 మిల్లీమీటర్లకు పడిపోతుంది. మూడింటిలోనూ చక్రం మొత్తం ఎత్తు దాదాపు ఒకటే, 62 సెంటీమీటర్ల దగ్గర. రిమ్ము పెరిగిన మేరకు రబ్బరు తగ్గుతుందన్నమాట. వాన నీళ్లలో కనపడని గుంతలో టైరు పడినప్పుడు, ఆ రబ్బరు పూర్తిగా నలిగాకే రిమ్ము అంచుకు దెబ్బ తగులుతుంది. రబ్బరు ఎంత తక్కువుంటే అంత తొందరగా తగులుతుంది. గాలి తక్కువున్నా ఇదే జరుగుతుంది. డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్‌లో రాసినంత గాలి, బండి చల్లగా ఉన్నప్పుడు కొట్టించుకుంటే రిమ్ములు చాలావరకు బతుకుతాయి.

దెబ్బ రిమ్ముకు చేరాక మాత్రం రెండు లోహాలూ రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి. స్టీల్ వంగుతుంది. అంచు లోపలికి నొక్కుకుపోతుంది, ట్యూబ్‌లెస్ టైరులోంచి గాలి మెల్లగా పోతుంది. కానీ సాధారణంగా బండిని పంక్చర్ షాపు దాకా తీసుకెళ్లగలం. అల్లాయ్ కొద్ది దూరం మాత్రమే వంగుతుంది, ఆ తర్వాత పగులుతుంది. దెబ్బ గట్టిదైతే అంచు ముక్కే ఊడిపోవచ్చు. పగులు చిన్నదే అయినా తిరిగే కొద్దీ పెరుగుతుంది. ప్రమాదం అక్కడే ఉంది.

దెబ్బ తగిలిందని ఎలా తెలుస్తుంది?

కిషన్‌బాగ్ గల్లీల్లో 20 వేగంతో వెళ్తున్నప్పుడు వంగిన రిమ్ము బయటపడదు. అత్తాపూర్ వైపు వెళ్లి పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే ఎక్కి, బండి 60, 70 అందుకున్నాక స్టీరింగ్ వణకడం మొదలవుతుంది. అప్పుడు "బ్యాలెన్సింగ్ పోయింది" అనుకొని సీసం ముక్కలు అతికించుకొని వచ్చేస్తారు. నాలుగు రోజులకే మళ్లీ అదే వణుకు. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద చక్రం తిరుగుతున్నప్పుడు పక్కనే నిలబడి రిమ్ము అంచు చూడండి. అది పైకీ కిందికీ, లేదా అటూ ఇటూ ఊగుతుంటే వంగినట్టే. ఎన్ని ముక్కలు అతికించినా ఆ ఊపు పోదు.

ఇంకో గుర్తు, ఒకే టైరులో వారం వారం గాలి తగ్గుతూ ఉండటం. మేకు ఏమీ దొరకకపోతే చక్రం విప్పించి, రిమ్ము లోపలి వైపు సబ్బు నీళ్లు రాయించండి. పగుళ్లు ఎక్కువగా వచ్చేది అటువైపే, బయట నుంచి చూస్తే చక్రం తళతళలాడుతూనే ఉంటుంది. స్టీల్ రిమ్ముల్లో అయితే టైరు ఆనుకునే అంచున తుప్పు పట్టి గాలి పోతుంటుంది. 2020 అక్టోబర్ వరదల్లాంటి సమయంలో రోజుల తరబడి బురద నీళ్లలో నిలబడిన బండ్లలో ఇది మరీ ఎక్కువ. తుప్పు గీకించి, రంగు వేయిస్తే సరిపోతుంది.

రిపేర్.. ఇక్కడే ఖర్చు తేలుతుంది

స్టీల్ రిమ్ము వంపు తీయడానికి సాధారణంగా రెండు మూడు వందల నుంచి ఐదు వందల దాకా తీసుకుంటారు. కొత్తదే కొన్నా రెండు వేల దగ్గర దొరుకుతుంది. అల్లాయ్ వంపు తీయాలంటే ప్రత్యేకమైన మెషీన్ కావాలి. చక్రానికి వెయ్యి నుంచి రెండు వేలు అడుగుతారు. అన్ని చోట్లా చేయరు, బండి ఆ రోజు ఆగిపోతుంది. క్యాబ్ ఓనర్‌కి ఆ రోజు సంపాదన కూడా పోయినట్టే.

పగిలిన అల్లాయ్‌ని ఆర్గాన్ వెల్డింగ్ చేసి, పాలిష్ కొట్టి, రంగు వేసి ఇస్తారు. చూడ్డానికి కొత్తదానిలా ఉంటుంది. కానీ ఈ చక్రాలు చాలావరకు ఏ356 అనే అల్యూమినియం మిశ్రమంతో పోసినవి. పోశాక సుమారు 540 డిగ్రీల దగ్గర వేడి చేసి, నీళ్లలో ముంచి చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో కొన్ని గంటలు ఉంచితేనే దానికి బలం వస్తుంది. వెల్డింగ్ వేడికి అతుకు చుట్టూ ఆ బలం పోతుంది, గల్లీ షాపులో దాన్ని తిరిగి తీసుకురాలేరు. వంపు తీసేటప్పుడు గ్యాస్ మంటతో కాల్చినా ఇదే సమస్య. అంచున బయటి గీతలు, చిన్న వంపులు సరిచేయించుకోవచ్చు. చువ్వ మీద, బోల్టుల దగ్గర, లోపలి గోడ మీద పగులు ఉంటే మాత్రం ఆ చక్రాన్ని పక్కన పడేయాల్సిందే. సెకండ్ హ్యాండ్ అల్లాయ్స్ కొనేవాళ్లకు అసలు చిక్కు ఇదే. కొత్త పెయింట్ కింద పాత వెల్డింగ్ ఉందో లేదో పైకి తెలీదు.

మొత్తం ఎంత అవుతుంది?

మన డిజైర్ ఓనర్ 15 అంగుళాలకు మారితే, నాలుగు అల్లాయ్స్‌కి పాతిక వేలు అటూఇటూ అవుతుంది. పాత 14 అంగుళాల టైర్లు వాటికి పట్టవు కాబట్టి కొత్త టైర్లకు మరో ఇరవై వేలు. అంతా కలిపి 45 వేలు దాటుతుంది. అదే 14 అంగుళాల అల్లాయ్స్ అయితే ఇరవై వేల దగ్గర అయిపోతుంది, టైర్లు పాతవే వాడుకోవచ్చు, 132 మిల్లీమీటర్ల రబ్బరు గోడ కూడా అలాగే ఉంటుంది. షాపునీ బ్రాండ్‌నీ బట్టి ఈ ధరలు మారతాయి.

రోజంతా రోడ్డు మీదుండే క్యాబ్‌కి స్టీల్ రిమ్ములే లాభం. ఆ డబ్బుతో మంచి టైర్లు కొనుక్కోవచ్చు. ఇంటి కారుకి అందం కావాలనుకుంటే తప్పేమీ లేదు. అల్లాయ్స్‌కి ఎర్ర తుప్పు పట్టదు, కడిగితే శుభ్రంగా ఉంటాయి, మంచివైతే కచ్చితంగా గుండ్రంగా తిరుగుతాయి. కాకపోతే సైజు పెంచకుండా వేయించుకోండి. తీసేసిన స్టీల్ రిమ్ములను వెంటనే అమ్మేయకండి.

కొనేటప్పుడు చక్రాన్ని వెనక్కి తిప్పి చూడండి. ఐఎస్‌ఐ గుర్తు గానీ, జపాన్ ప్రమాణమైన జేడబ్ల్యూఎల్ గుర్తు గానీ, ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె గానీ లేకపోతే ఆ చక్రం వద్దు. మారుతి చిన్న కార్లకు నాలుగు బోల్టులు, వాటి వలయం 100 మిల్లీమీటర్లు. మధ్య రంధ్రం 54.1 మిల్లీమీటర్లు. బయటి అల్లాయ్స్‌లో ఈ రంధ్రం పెద్దగా ఉంటుంది, ఆ ఖాళీ నింపడానికి హబ్ రింగ్ వేయాలి. చాలా షాపుల్లో ఆ రింగ్ సంగతి చెప్పరు, అడిగి వేయించుకోండి. అది లేకపోతే కొత్త చక్రాలతో కూడా స్టీరింగ్ వణకొచ్చు. నట్లు కూడా ఆ అల్లాయ్‌కి సరిపోయేవే ఉండాలి. బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి, టార్క్ రెంచ్‌తో మరోసారి చెక్ చేయించాలి.

స్టెప్నీ పాత స్టీల్‌దే అయితే దానికి సరిపోయే పాత నట్లు కూడా ఒక కవర్లో వేసి డిక్కీలో పెట్టుకోండి. రాత్రిపూట రోడ్డు పక్కన టైరు మార్చేటప్పుడు వాటి అవసరం పడొచ్చు.