హోటల్ అమ్మాలంటే ఏడాది ముందే మొదలుపెట్టండి

విజయవాడలో బాగా నడుస్తున్న ఒక టిఫిన్ హోటల్ ఉందనుకుందాం. యజమానికి ఓపిక తగ్గి అమ్మేద్దామనుకున్నాడు. "నెలకు లక్షన్నర మిగులుతుంది" అని నోటితో చెబుతాడు. పుస్తకాల్లో మాత్రం డెబ్బై వేలే కనిపిస్తాయి. మిగతాదంతా బిల్లు కొట్టని అమ్మకం. దానికి ఎవరూ ధర కట్టరు. పైగా పన్ను ఎగ్గొట్టినట్టు తానే ఒప్పుకున్నట్టవుతుంది. అందుకే అమ్మకానికి కనీసం ఏడాది ముందు నుంచి ప్రతి ప్లేటుకూ బిల్లు ఉండాలి.

ధర కట్టేది ఇలా. పుస్తకాల్లోని 70 వేలకు, హోటల్ ఖాతాలో రాసిన ఇంటి పాలు, కూరగాయల ఖర్చు 8 వేలు కలపాలి. వంటగది పొగగొట్టం మార్చడానికి ఈ ఏడాది 1,20,000 అయింది. అది ఏటా వచ్చే ఖర్చు కాదు కాబట్టి నెలకు 10 వేలు కలపాలి. కానీ జీతం లేకుండా కౌంటర్లో కూర్చునే భార్య స్థానంలో రేపు మనిషిని పెట్టాలి. ఆ 15 వేలు తీసేయాలి. నికరంగా 73 వేలు, ఏడాదికి 8,76,000. పెట్టుబడి రెండేళ్లలో తిరిగి రావాలని కొనేవారు కోరితే ధర 17,52,000. గ్రైండర్లు, పొయ్యిలు ఇందులోనే వస్తాయి. ఇంటి యజమాని దగ్గరున్న అడ్వాన్సు, మిగిలిన సరుకు వేరుగా లెక్కించుకుంటారు. యజమాని స్వయంగా రోజంతా పనిచేస్తుంటే, ఆ శ్రమకు జీతం తీసేసి చూసే కొనుగోలుదారు ఇంకా తక్కువ చెబుతాడు.

తెలివైన కొనుగోలుదారు మీ అంకెలను వంటగదిలోనే సరిచూస్తాడు. మినప్పప్పు, బియ్యం బిల్లులు, నెలకు వాడిన 19 కిలోల గ్యాస్ సిలిండర్లు, యూపీఐ స్టేట్‌మెంటు, జీఎస్టీ రిటర్నులు పక్కపక్కన పెడతాడు. అమ్మకం పెరిగిందంటూ పప్పు కొనుగోలు పెరగకపోతే అక్కడే అనుమానం పుడుతుంది.

కాగితాల్లో ఎక్కువగా బేరం చెడగొట్టేది అద్దె ఒప్పందం. పదకొండు నెలల ఒప్పందం మరో రెండు నెలల్లో ముగిసేటట్టుంటే అంత డబ్బు పెట్టడానికి ఎవరు ముందుకొస్తారు? కొత్తవారి పేరున ఎక్కువ కాలానికి రాసిస్తానని ఇంటి యజమాని చేత ముందే లిఖితపూర్వకంగా ఒప్పించాలి. ఆహార లైసెన్సు అమ్మకంతో చేతులు మారదు. కొన్నవారు తమ పేరున తీసుకోవాలి. పాత జీఎస్టీ బాకీకి అమ్మినవారితో పాటు కొన్నవారూ బాధ్యులే కాబట్టి, బాకీలు ముందే తీర్చేయాలి.

చూడటానికి వచ్చేవారిని రద్దీ వేళే రమ్మనండి. పొయ్యి వెనుక జిడ్డు, కారే కుళాయి లేకుండా చూసుకోండి. సాంబారు కొలతలు మాస్టరు తలలోనే ఉంటే, ఆయన మానేసిన రోజు హోటలు విలువ పడిపోతుంది. వాటిని గ్రాముల్లో రాయించండి. బేరం కుదిరే దాకా విషయం సిబ్బంది దాకా పోనివ్వకండి. కుదిరాక మాత్రం మీరే వారికి ముందుగా చెప్పండి. ఏళ్ల తరబడి మీతో పనిచేసినవారికి ఆ మాట మీ నోటే వినే హక్కుంది.